కడుపు పోతే ఆరు వారాలు: సెలవు, జీతం, ఉద్యోగ రక్షణ

మూడో నెలలో కడుపు పోయి, డి అండ్ సి చేయించుకుని, నాలుగో రోజుకే డ్యూటీకి వచ్చేసే ఆడవాళ్లు మన చుట్టూ ఉన్నారు. అంత తొందరేమిటని అడిగితే ‘సిక్ లీవులు అన్నే ఉన్నాయి’ అంటారు. ప్రసూతి సెలవు గురించి అందరికీ తెలుసు. గర్భం నిలవకపోతే, లేదా డాక్టరు దగ్గర తీయించుకోవాల్సి వస్తే దానికీ జీతంతో కూడిన సెలవు ఉందని చాలామందికి ఎవరూ చెప్పరు. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే దుకాణాలు, ఆఫీసులకు, ఫ్యాక్టరీలకు వర్తించే చట్టం ఇది. ఇంటిపనివాళ్లకు, నలుగురైదుగురితో నడిచే చిన్న కొట్లలో పనిచేసేవాళ్లకు ఈ రక్షణ అందదు. అది చట్టంలో ఉన్న పెద్ద లోటే.

అపోహ: బిడ్డ పుట్టలేదు కాబట్టి ప్రసూతి చట్టం వర్తించదు. సిక్ లీవో, లాస్ ఆఫ్ పేయో పెట్టుకోవాల్సిందే.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 9వ సెక్షన్ దీన్ని సూటిగానే చెప్పింది. గర్భస్రావమైనా, వైద్యపరంగా గర్భం తీయించుకున్నా, ఆ మర్నాటి నుంచి ఆరు వారాలు జీతంతో సెలవు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. సెక్షన్ నంబరు 65గా మారింది, ఆరు వారాల హక్కు మాత్రం అలాగే ఉంది. ఇది మీ ఖాతాలోని సిక్ లీవుల్లోంచి గానీ, ఎర్న్‌డ్ లీవుల్లోంచి గానీ తగ్గేది కాదు. అలాగే దాచుకుని తర్వాత వాడుకునేదీ కాదు. ‘ఆ మర్నాటి నుంచి’ అని ఉంది కాబట్టి తేదీ అప్పుడే మొదలవుతుంది.

ఇంకో మాట కూడా ఆ చట్టంలోనే ఉంది. ఆ ఆరు వారాలు ఆమెతో పనిచేయించడం యజమానికి నిషేధం. ‘ఇంట్లోనే ఉన్నావుగా, రెండు గంటలు లాగిన్ అవ్వమ్మా’ అని మేనేజరు ఆప్యాయంగా అడిగినా అది చట్టం కాదన్న పనే.

ఈ హక్కు ఎక్కువగా చేజారేది ఆఫీసులో కాదు, ఆసుపత్రిలో. నలుగురికీ తెలియడం ఇష్టం లేక, సర్టిఫికెట్‌లో ‘వైరల్ ఫీవర్’ అనో ‘కడుపు నొప్పి’ అనో రాయించుకుంటారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ కాగితంతో వచ్చేది నాలుగు రోజుల సిక్ లీవే. ఈ సెలవుకు రుజువు చూపాలని చట్టం అడుగుతుంది. కాబట్టి సర్టిఫికెట్‌లోనో, డిశ్చార్జ్ సమ్మరీలోనో మూడు సంగతులు ఉండాలి: గర్భం ఎన్ని వారాలది, అది ఏ తేదీన పోయింది లేదా తీశారు, సంతకం చేసిన డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు. తనంతట తాను పోయిన గర్భాన్ని కూడా డాక్టర్లు ‘మిస్డ్ అబార్షన్’, ‘ఇన్‌కంప్లీట్ అబార్షన్’ అనే రాస్తారు. అది చూసి హెచ్‌ఆర్‌లో ఎవరైనా ‘మీరే చేయించుకున్నారుగా’ అంటే తడబడాల్సిన పనిలేదు. రెంటికీ సెలవు ఒకటే.

అపోహ: చేరి 80 రోజులు కాలేదు, పైగా కాంట్రాక్టు. నీకు రాదు.

దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ విభాగంలో సూపర్‌వైజరు. కాంట్రాక్టరు ద్వారా చేరి 50 రోజులైంది. రోజుకు 900 రూపాయలు, నెలకు 26 రోజులు చేస్తే 23,400. ఈఎస్‌ఐ పరిమితి నెలకు 21,000 కాబట్టి ఆమె దాని కిందికి రాదు, డబ్బు యజమానే ఇవ్వాలి. మార్చి 10న, పదకొండో వారంలో కడుపు పోయింది.

80 రోజుల షరతు ఉన్న మాట నిజమే. కాన్పు కావాల్సిన తేదీకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలన్నది 26 వారాల ప్రసూతి సెలవుకు పెట్టిన షరతు. గర్భస్రావం సెలవు ఇచ్చే సెక్షన్‌లో ఆ షరతు రాయలేదు. ఎవరైనా అడ్డుపడితే గొడవపడకుండా ‘ఏ సెక్షన్ ప్రకారం కాదంటున్నారో మెయిల్‌లో రాసివ్వండి’ అని అడగడం మంచిది. కాంట్రాక్టరు ద్వారా చేరడమూ అడ్డు కాదు. నేరుగా తీసుకున్నా, మధ్యలో ఏజెన్సీ ఉన్నా చట్టం ఇద్దరినీ ఒకే గాటన కట్టింది. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టర్ రోల్ మీద దినకూలికి పనిచేసిన మహిళల కేసులో, వాళ్లకూ ప్రసూతి ప్రయోజనాలు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2000లోనే తీర్పు చెప్పింది.

కాబట్టి ఆమె సెలవు మార్చి 11న మొదలై ఏప్రిల్ 21తో ముగుస్తుంది, 22న డ్యూటీకి రావాలి. మొత్తం 42 రోజులు. ఇక్కడ ఇంకో మెలిక పెడతారు. ‘ఆదివారాలు పనిదినాలు కావు కదా’ అని ఆరు రోజులు కోసేస్తారు. కోస్తే ఆమెకు 5,400 రూపాయలు నష్టం. బి. షా కేసులో సుప్రీంకోర్టు 1977లోనే ఈ లెక్క తేల్చింది. వారమంటే ఏడు రోజులు, ఆదివారాలకూ కలిపి లెక్కకట్టాలి. అంటే ఆమెకు రావాల్సింది 900 చొప్పున 42 రోజులకు 37,800.

ఇదే అమ్మాయి జీతం 21,000 లోపు ఉండి, ఈఎస్‌ఐ కట్ అవుతుంటే కథ మారుతుంది. ఆరు వారాలు అక్కడా ఉన్నాయి. డబ్బు మాత్రం యజమాని కాకుండా ఈఎస్‌ఐ ఇస్తుంది. అంతకుముందు వరసగా రెండు చందా కాలాల్లో కలిపి కనీసం 70 రోజులకు చందా పడి ఉండాలన్న షరతు ఉంటుంది. 50 రోజుల క్రితమే మొదటిసారి ఉద్యోగంలో చేరిన అమ్మాయి అక్కడ ఆగిపోతుంది. పాత ఉద్యోగంలో ఈఎస్‌ఐ ఉండి ఉంటే ఆ రోజులూ కలుస్తాయి, అందుకే పాత ఇన్సూరెన్స్ నంబరునే కొనసాగించుకోవాలి.

అపోహ: తనంతట పోతే సరే, కావాలని తీయించుకుంటే సెలవెందుకు? అదీ పెళ్లికాని పిల్లకు!

చట్టం గర్భస్రావాన్ని, వైద్యపరంగా గర్భం తీయించుకోవడాన్ని ఒకే వాక్యంలో పెట్టి ఒకే సెలవు ఇచ్చింది. పెళ్లయిందా అని అడగలేదు. గర్భవిచ్ఛిత్తి చట్టానికి 2021లో చేసిన సవరణ ‘భర్త’ ఉన్న చోట ‘భాగస్వామి’ని చేర్చింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు 20 నుంచి 24 వారాల మధ్య గర్భం తీయించుకునే విషయంలోనూ పెళ్లికాని మహిళను వేరుగా చూడకూడదని చెప్పింది. ఆమె పేరూ వివరాలూ బయటపెట్టకూడదని డాక్టరుకు చట్టం ఆంక్ష పెట్టింది. సెలవు మంజూరు చేసేవాళ్లకు కావాల్సింది ఏం జరిగింది, ఏ తేదీన జరిగింది అన్న రుజువు. ఎందుకు తీయించుకున్నావన్నది వాళ్ల ప్రశ్న కాదు.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. చట్ట ప్రకారం శిక్షార్హమైన గర్భస్రావానికి ఈ సెలవు వర్తించదు. మందుల షాపులో మాత్రలు కొనుక్కుని ఇంట్లో వేసుకుంటే చేతిలో ఏ కాగితమూ ఉండదు. రక్తస్రావం ఆగక ఇబ్బంది పడితే ప్రాణానికే ముప్పు, సెలవు అడగడానికి రుజువూ ఉండదు. అర్హత ఉన్న డాక్టరు దగ్గరికి వెళితే ఆరోగ్యానికీ రక్షణ, సెలవుకూ ఆధారం.

అపోహ: ఏడో నెలలో పోయినా ఆరు వారాలే.

ఇక్కడ జరిగే అన్యాయం పెద్దది, ఎక్కువమంది గమనించనిదీ ఇదే. 26వ వారం ముగిసేలోపు పోతేనే చట్టం దృష్టిలో అది గర్భస్రావం. ఆ తర్వాత బిడ్డ ప్రాణం లేకుండా పుట్టినా దాన్ని కాన్పుగానే లెక్కించాలి. చట్టంలో ‘బిడ్డ’ అంటే చనిపోయి పుట్టిన బిడ్డ కూడా. అంటే 30వ వారంలో బిడ్డను పోగొట్టుకున్న తల్లికి, 80 రోజుల షరతు నెరవేరి ఉంటే, పూర్తి 26 వారాల ప్రసూతి సెలవు. అప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలు. ‘పిల్ల లేదుగా, ఆరు నెలలు ఏం చేస్తావు’ అని ఆమెను ఆరు వారాలకే వెనక్కి పిలవడం తప్పు. సమ్మరీలో వారాల సంఖ్య ఉండాలని పైన చెప్పింది ఇందుకే. 25 వారాలని ఉందా, 27 అని ఉందా అన్నదాన్ని బట్టి నాలుగున్నర నెలల తేడా వస్తుంది.

అపోహ: ఆరు వారాలు దాటితే, లేదా రెండోసారైతే ఇక లేదు.

కడుపు పోయినందువల్ల ఇన్ఫెక్షనో, తీవ్రమైన రక్తహీనతో వస్తే, డాక్టరు రాసిస్తే ఆరు వారాల పైన మరో నెల వరకు జీతంతో సెలవుంది. చట్టంలో ‘అనారోగ్యం’ అనే ఉంది, ఒంటికి వచ్చిందే అయి ఉండాలని గీత గీయలేదు. నిద్ర పట్టక, మనిషి కుంగిపోయి మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాల్సి వస్తే వాళ్ల సర్టిఫికెట్‌తోనూ అడగవచ్చు. ఎన్నిసార్లు అన్న లెక్కా ఇందులో లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల నిబంధన వేరు. వాళ్లకు మొత్తం సర్వీసులో గర్భస్రావాలకు కలిపి 45 రోజులే. ఈ రెండు నిబంధనలూ కలగాపులగమై ప్రైవేటు కంపెనీల్లో కూడా ‘ఒకసారే’ అన్న మాట పుట్టి ఉంటుంది.

అపోహ: ప్రొబేషన్‌లో ఉంటే తీసేయొచ్చు.

ఈ సెలవులో ఉండగా గానీ, ఈ సెలవు పెట్టిందన్న కారణంతో గానీ ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. సెలవులో గడువు తీరేలా ముందే నోటీసు ఇవ్వడమూ కుదరదు. తిరిగి వచ్చాక జీతం తగ్గించడం, సూపర్‌వైజరును మళ్లీ లైన్ మీద నిలబెట్టడం లాంటివి సెలవు పెట్టినందుకే చేస్తే అవీ తప్పే. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు ఇది వర్తించదని ఎక్కడా లేదు. నిజంగా వేరే కారణంతో, అందరితో పాటు యూనిట్ మూతపడితే మాత్రం ఈ సెక్షన్ ఒక్కటే ఉద్యోగాన్ని నిలబెట్టలేదు.

తెలివైన యజమాని తీసేయడు, రాజీనామా రాయిస్తాడు. ‘రెస్ట్ తీసుకో, తర్వాత చూద్దాం, ముందు ఈ కాగితం మీద సంతకం పెట్టు’ అంటాడు. అలాంటి కాగితం మీద సంతకం పెట్టకూడదు. సెలవు దరఖాస్తు మెయిల్‌లో పంపి, సర్టిఫికెట్ జతచేసి, మెయిల్ కాపీని ఆఫీసు ఖాతాలోనే కాక సొంత ఖాతాలోనూ ఉంచుకోవాలి, ఎందుకంటే తీసేసిన రోజే ఆఫీసు మెయిల్ మూసేస్తారు. జీతం ఇవ్వకపోతే కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు. కోడ్‌లో ఆ అధికారి పేరు ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్. ఉద్యోగంలోంచి తీసేస్తే, ఆ ఉత్తర్వు చేతికి అందిన 60 రోజుల్లోపు అప్పీలు వేయాలి. డాక్టరు సర్టిఫికెట్, సెలవు మెయిల్, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు, తొలగింపు ఉత్తర్వు దానికి జతచేయాలి.