అంకె పాదం

నాన్న విశాఖ రేవులో కలాసీగా పనిచేసేవాడు. ఓడ బెర్తుకు ఆనుకునే వేళ పైనుంచి విసిరిన సన్నతాడు అందుకుని, దాని వెనకే వచ్చే లావుపాటి మోకును లాగి ఒడ్డున ఉన్న ఇనుప గుంజకు తగిలించాలి. ఓడ వెళ్లిపోయేటప్పుడు ఆ మోకు విప్పి వదలాలి. నాలుగో తరగతితో బడి మానేసిన మనిషి. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు. ఇంగ్లీషు అక్షరాలు కొన్నే వచ్చు. కానీ ఏ ఓడ ఎంత బరువుతో వచ్చిందో, ఎప్పుడు బయల్దేరుతుందో, ఇంతకుముందు దాని పేరేమిటో ఒడ్డున నిలబడి చెప్పేవాడు. ఆ చదువు నాకు ఎనభైల్లో, పదేళ్ల వయసులో, అన్నం క్యారేజీ పట్టుకుని రేవులోకి వెళ్లే రోజుల్లో మొదలైంది.

మొదటి పాఠం అంకెలది. ఓడ ముందు భాగంలో, నడుమ, వెనక, రెండు పక్కలా నిలువుగా తెల్లటి అంకెలు రాసి ఉంటాయి. అవి ఓడ నీళ్లలో ఎంత లోతుకు దిగిందో చెప్పే కొలత. రేవులో దాన్ని డ్రాఫ్టు అంటారు. మీటరు దగ్గర 9 అనీ, పక్కన ఎమ్ అక్షరం అనీ ఉంటుంది. దాని పైన వరసగా 2, 4, 6, 8, ఆ పైన 10. నీళ్లు 6 నడుమ ఆడుతుంటే నేను "తొమ్మిది పాయింటు ఆరు" అనేశాను.

"నేదమ్మా, అంకె పాదం సూడు" అన్నాడు నాన్న. "పాదం కాడ నీరుంటేనే ఆరు. తల మునిగిందంటే ఏడు."

ఆ ఒక్క మాటలో కిటుకంతా ఉంది. ప్రతి అంకె ఎత్తు సరిగ్గా 10 సెంటీమీటర్లు. అంకెకూ అంకెకూ మధ్య ఖాళీ మరో 10 సెంటీమీటర్లు. అంకె చెప్పే లోతు దాని అడుగు అంచు దగ్గరిది. కాబట్టి 6 పాదాన్ని నీళ్లు తాకితే 9.60 మీటర్లు, నడుముకు వస్తే 9.65, తలను తాకితే 9.70. వేరే కొలబద్ద అక్కర్లేదు, అంకే కొలబద్ద. పాత ఓడల మీద అడుగుల లెక్క ఉండేది. అక్కడ అంకె ఎత్తు ఆరంగుళాలు, పాదం నుంచి పై అంకె పాదానికి ఒక అడుగు. చదివే పద్ధతి మాత్రం అదే.

ఒక బొగ్గు ఓడను నాన్న నాకు పరీక్షగా పెట్టాడు. సాయంత్రం నేను చూసినప్పుడు నీళ్లు 6 తలను తాకుతున్నాయి. మర్నాడు మధ్యాహ్నం 2 తలకు దిగాయి. అంటే 9.70 నుంచి 9.30కి వచ్చింది. ఓడ 40 సెంటీమీటర్లు పైకి తేలింది. ఆ సైజు ఓడ ఒక్క సెంటీమీటరు తేలాలంటే సుమారు 50 టన్నులు దించాలని నాన్న మేస్త్రీల దగ్గర విని ఉన్నాడు. నలభై యాభైలు రెండు వేలు. రెండు వేల టన్నుల బొగ్గు, పది టన్నుల లారీలైతే రెండు వందలు, రాత్రీ పగలూ కలిపి ఒడ్డుకు చేరింది. ఎక్కాలు ఎందుకు నేర్పుతారో నాకు ఆ రోజు తెలిసింది.

అయితే నేను చూసింది వెనక భాగం ఒక్కటే. నాన్న నన్ను బెర్తు వెంబడి ముందు దాకా నడిపించాడు. అక్కడ ఓడ 40 కాదు, 20 సెంటీమీటర్లే తేలింది. వెనక గదుల్లోంచి ఎక్కువ బొగ్గు తీశారన్న మాట. నా రెండు వేల టన్నుల లెక్క కాస్తా పదిహేను వందల దగ్గరకు జారింది. సరుకు తూకం తేల్చడానికి వచ్చే సర్వేయర్లు అందుకే ముందు, నడుమ, వెనక, రెండు పక్కలా కలిపి ఆరు చోట్ల చదువుతారు. ఓడలో ఉన్న నీళ్లనూ ఇంధనాన్నీ కూడా లెక్కలోంచి తీస్తారు. అల ఊగుతుంటే ఒక్క చూపుతో రాసుకోరు. ఎక్కడిదాకా లేచింది, ఎక్కడిదాకా పడింది అని చాలాసార్లు చూసి సగటు తీస్తారు.

ఆ అంకెలు కాక ఓడ నడుమ ఒక గుండ్రం గీత, దాన్ని అడ్డంగా కోస్తూ ఇంకో గీత, పక్కన నిచ్చెనలాంటి మెట్లు ఉంటాయి. ఇంతకు మించి బరువు ఎక్కించవద్దని చెప్పే గుర్తు అది. ఇంగ్లండులో శామ్యూల్ ప్లిమ్‌సోల్ అనే పార్లమెంటు సభ్యుడు పట్టుబట్టడంతో 1876లో చట్టంలోకి ఎక్కింది. మెట్ల పక్కన టి అంటే ఉష్ణమండలం, ఎస్ అంటే వేసవి, డబ్ల్యు అంటే చలికాలం. టి గీత ఎస్ కంటే పైన ఉంటుంది, అంటే ప్రశాంతమైన నీళ్లలో ఇంకాస్త ఎక్కువ బరువుతో వెళ్లవచ్చు. బంగాళాఖాతంలో డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా టి గీత చెల్లుతుంది. మే నుంచి నవంబరు దాకా ఎస్ గీత దాటకూడదు. నైరుతి రుతుపవనాలూ, అక్టోబరు నవంబరు తుపానులూ ఆ ఏడు నెలల్లోనే ఉన్నాయి. మన తీరంలో పుట్టిన వాళ్లకు ఈ తేదీలు విడిగా వివరించక్కర్లేదు.

జెండాల దగ్గర నేను గట్టిగా తప్పాను. నాన్న కొన్నింటిని రంగుల పేరుతోనే పిలిచేవాడు. సగం తెలుపు సగం ఎరుపు నిలువుగా ఉన్న జెండా హెచ్ అక్షరం. పైలట్ ఓడ మీద ఉన్నాడని అర్థం. డాల్ఫిన్ నోస్ కొండకూ రాస్ హిల్‌కూ నడుమ ఉన్న ఇరుకు కాలవలోంచి ఓడను లోపలి హార్బరుకు తీసుకొచ్చేది ఆ పైలటే. అందుకని ఆ జెండా నాకు బాగా గుర్తుండిపోయింది. ఒకరోజు బెర్తులో కట్టేసి ఉన్న ఓడ మీద తెలుపూ ఎరుపూ కనబడగానే "పైలట్ ఎక్కాడు నాన్నా, వెళ్లిపోతోంది!" అని అరిచాను. మోకు విప్పే గుంపులో ఎవరూ కదల్లేదు.

"ఎక్కడ కట్టారో సూసావేటి?" అన్నాడు నాన్న.

జెండా ఎగురుతున్నది ఓడ వెనక కొయ్యకు. అక్కడ ఎగిరేది ఓడ ఏ దేశపు రిజిస్టరులో ఉందో చెప్పే జెండా. అది మాల్టా దేశానిది. అదీ తెలుపు, ఎరుపే. ఎరుపు చుట్టూ తెల్లటి అంచు, నడుమ తెల్లటి శిలువ ఉంటాయి, నేను సరిగ్గా చూడలేదు. జెండా కింద ఇనుప వంపు మీద ఓడ పేరు, దాని కింద రేవు పేరు వాలెట్టా అని రాసి ఉంది. కబురు చెప్పే జెండాలు మాత్రం పైన, స్తంభం దగ్గర తాళ్లకు కడతారు. వచ్చిన దేశానికి మర్యాదగా ఎత్తే జెండా కూడా పైనే, కుడివైపున ఎగురుతుంది. విదేశీ ఓడ మీద మన జెండా కనబడేది అక్కడే. కాబట్టి ముందు చోటు చూడాలి, తర్వాతే రంగు.

పసుపు జెండా కథ ఇంకోటి. మా వీధిలో పెద్దవాళ్లంతా పసుపు జెండా అంటే ఓడలో అంటురోగం అని చెప్పేవారు. ఒకప్పుడు పసుపును రోగానికే వాడేవారు కాబట్టి ఆ మాట అలా నిలిచిపోయింది. 1969 నుంచి అమలవుతున్న అంతర్జాతీయ సంకేతాల పుస్తకంలో ఒంటి పసుపు జెండా, అంటే క్యూ, చెప్పేది తద్భిన్నం. మా ఓడలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, రేవులో తిరగడానికి అనుమతి ఇవ్వండి అని. ఆరోగ్య అధికారి సరేనన్నాక దాన్ని దించుతారు. రేవులో ఉన్న ఓడ మీద నిజంగా భయపడాల్సింది పసుపూ నలుపూ నాలుగు గళ్లుగా ఉండే ఎల్ జెండాకు. ఆ ఓడను విడిగా ఉంచారని దాని అర్థం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది నీలం మీద తెల్ల చదరం, పి జెండా. ఓడ బయల్దేరబోతోంది, ఊళ్లోకి వెళ్లినవాళ్లంతా వచ్చేయండి అని పిలుపు. అది ఎత్తిన రోజు నాన్న భోజనం తొందరగా ముగించేవాడు. ఈ అక్షరాల జెండాలన్నిటికీ ఎరుపు, నీలం, పసుపు, నలుపు, తెలుపు తప్ప ఇంకో రంగు లేదు. దూరం నుంచి సముద్రం మీద ఒకదాన్నుంచి ఒకటి విడిగా తెలిసే రంగులు అవే.

ఓడ వెనక ఉన్న ఊరి పేర్లు నన్ను చాలాకాలం తికమకపెట్టాయి. మన ఓడల మీద బొంబాయి అని ఉండేది, ఇప్పుడు ముంబై అని రాస్తున్నారు. ఎర్ర జెండా మూలన మువ్వన్నెలు ఎగురుతాయి. విదేశీ ఓడల్లో ఎక్కువగా కనబడిన పేర్లు మన్రోవియా, పనామా. మన్రోవియా మద్రాసు కంటే పెద్దదై ఉంటుందని నేను అనుకున్నాను. అట్లాసులో చూస్తే పశ్చిమాఫ్రికాలో లైబీరియా అనే చిన్న దేశపు రాజధాని. ఓడ యజమాని ఒక దేశంలో ఉంటాడు, ఫీజులూ పన్నులూ నిబంధనలూ తనకు అనుకూలంగా ఉన్న ఇంకో దేశంలో ఓడను నమోదు చేయిస్తాడు, పనివాళ్లు మూడో దేశం నుంచి వస్తారు. ఆ ఓడ మన్రోవియా మొహం ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు.

అమ్ముడుపోయిన ఓడకు పేరూ మారుతుంది. పేరు రాసేటప్పుడు అక్షరాల అంచు వెంట వెల్డింగుతో సన్నటి గట్టు పోస్తారు, మళ్లీ రంగు వేసేటప్పుడు చెయ్యి తప్పకుండా ఉండటానికి. పాత గట్టును చెక్కేయకుండా మీద రంగు పూసేస్తే ఏటవాలు ఎండలో అది నీడ వేస్తుంది. సాయంత్రం నాలుగు దాటాక నాన్న వేలితో గాల్లో దిద్ది చూపించేవాడు. కొత్త పేరు కింద పాత పేరు అక్షరం అక్షరం పైకి తేలేది. ఆ అక్షరాలు ఏమని పలకాలో ఆయనకు తెలియదు. పలికేది నేను.

పేరూ జెండా ఇలా మారిపోతుంటే ఓడను పోల్చేదెలా? అందుకని 1987లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ప్రతి ఓడకూ ఏడంకెల నంబరు పథకం తెచ్చింది. పుట్టినప్పుడు ఇచ్చిన నంబరు తుక్కు అయ్యేదాకా మారదు. దాన్ని ఓడ పొట్ట మీద బయటికి కనబడేలా, కనీసం 20 సెంటీమీటర్ల ఎత్తున, చెరిగిపోకుండా చెక్కాలనో ఉబ్బెత్తుగా పోయాలనో నియమం వచ్చింది మాత్రం 2004లో. అప్పటికి నాన్న రిటైరయ్యాడు.

ఆ నంబరులో ఏడో అంకె మిగిలిన ఆరింటికి కాపలా. 9074729 తీసుకోండి. మొదటి ఆరంకెలనూ వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కలపాలి. 63, 0, 35, 16, 21, 4. మొత్తం 139. చివర 9 వచ్చింది, నంబరులో ఏడో అంకె కూడా 9. సరిపోయింది. తుప్పు వల్ల ఐదో చోట ఉన్న 7ను 1గా చదివారనుకోండి, మొత్తం 121 అవుతుంది, చివర 1. తప్పు పట్టుబడింది. అదే 7ను మూడో చోట 1గా చదివితే మొత్తం 109. చివర మళ్లీ 9. ఈసారి కాపలా కళ్లు కప్పి తప్పు దాటిపోయింది.

ఈ సంగతి నేను నాన్నకు రాస్ హిల్ మెట్ల మీద చెప్పాను. పక్కన బైనాక్యులర్ ఉంది. కాలవలోంచి ఒక ఖాళీ ఓడ బయటికి వెళ్తోంది. నేను వెనక నంబరు చదివి, కాగితం మీద గుణించి, సరిపోయిందన్నాను. ఆయన బైనాక్యులర్ తీసుకుని నంబరు వంక చూడనే లేదు. ముందు నీటి గీత దగ్గర ఆపాడు.

"నాలుగు పాదం కాడ ఉంది" అన్నాడు. "ఎనకాల ఎంతో సూసి సెప్పు."