కొరియా పొట్లం మీద వేరుశనగ ఎక్కడ దాగి ఉంది?

నంద్యాల అంగళ్లలోనో, ఎవరో విదేశాల నుంచి తెచ్చిన సంచిలోనో మీరు కొరియా నూడుల్స్ పొట్లం చూసే ఉంటారు. ఎర్రటి కాగితం, దాని మీద గుండ్రాలు, గీతలు, పెట్టెలు. బొమ్మ చూస్తే నోరూరుతుంది. వెనక్కి తిప్పితే ఒక్క ముక్క అర్థం కాదు. రుచి చూడటానికి చదువు ఎందుకని చాలామంది పొట్లం చింపేస్తారు. అందరికీ అది చెల్లుతుంది గాని, ఒకరకం పిల్లలకు మాత్రం చెల్లదు. వాళ్లు వేరుశనగ పడనివాళ్లు.

వేరుశనగ పడకపోవడమంటే ఏమిటి?

మన ఒంట్లో రోగక్రిములను పట్టుకునే రక్షణ ఏర్పాటు ఒకటుంది. కొందరిలో ఇది పొరబడి, వేరుశనగలో ఉండే మాంసకృత్తులను శత్రువులనుకుంటుంది. అవి లోపలికి రాగానే యుద్ధం మొదలు పెడుతుంది. దాంతో ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి, వాంతి అవుతుంది. ముదిరితే గొంతు బిగుసుకుని ఊపిరాడదు, రక్తపోటు పడిపోతుంది. ఇదంతా కొన్ని నిమిషాల్లోనే జరగవచ్చు. అప్పుడు పని చేసే మందు ఎడ్రినలిన్. దాన్ని తొడ కండరంలోకి సూదితో ఎక్కిస్తారు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్ల దారి. కాబట్టి పెద్ద ఆసుపత్రి దాకా వెళ్దామని చూడక, ఏది దగ్గరుంటే ఆ ఆసుపత్రికి వెంటనే తీసుకుపోవాలి.

చారెడు గింజలు తింటేనే ఇలా అవుతుందనుకోకండి. కొందరికి చిటికెడు పొడి చాలు. వేయించినా, ఉడికించినా ఆ మాంసకృత్తుల గుణం పోదు. అందుకే పడనివారికి మిగిలిన ఉపాయం ఒక్కటే: నోట్లో పెట్టుకోకముందే తెలుసుకోవడం.

మన దేశంలో 2020 నాటి ఆహార లేబుల్ నిబంధనల ప్రకారం వేరుశనగ, పాలు, గుడ్డు, సోయా, గోధుమ వంటివి ఉంటే ఆ సంగతి పొట్లం మీద విడిగా రాయాలి. దిగుమతి సరుకు మీద కూడా వివరాలు ఇంగ్లీషులో గాని హిందీలో గాని ఉండాలి. కాని కొరియాలో ఉద్యోగం చేసే బంధువు పెట్టెలో వచ్చిన పొట్లం మీద ఆ భాషలు ఉండవు. దిగుమతిదారు చీటీ అంటించినప్పుడు అది అసలు అక్షరాల మీదనే పడటమూ కద్దు. అలాంటప్పుడు ఆ నాలుగు అక్షరాలు మనమే చదువుకోవాలి. అది అనుకున్నంత కష్టం కాదు.

సున్న తెలిసినవారికి సగం వచ్చినట్టే

కొరియా లిపి పేరు హంగుల్. దాన్ని సేజోంగ్ అనే రాజు 1443లో రూపొందించి, 1446లో ప్రజలకు ప్రకటించాడు. చూడటానికి చైనా బొమ్మల్లా ఉన్నా ఇవి బొమ్మలు కావు, అక్షరాలే. మనం హల్లుకు గుణింతం చేర్చి, అవసరమైతే పక్కన సున్న పెట్టి "కాం" అని రాస్తాం గదా! వాళ్లూ అంతే. హల్లు, అచ్చు, చివరి హల్లు మూడింటినీ ఒక చిన్న గదిలో సర్దుతారు. ఒక గది అంటే ఒక పలుకు.

ఇప్పుడు వేరుశనగ పేరు చూడండి:

땅콩

ఇందులో రెండు గదులున్నాయి. మొదటి గదిలో పైన ఎడమవైపు ㄸ ఉంది. ఇది ఒత్తి పలికే "త్త". దాని పక్కన ㅏ, అంటే "ఆ". కింద ㅇ, అచ్చం మన సున్న! "వంగ"లో సున్న ఎలా పలుకుతుందో ఇదీ అలాగే పలుకుతుంది. మొత్తం కలిపితే "త్తాంగ్". రెండో గదిలో పైన ㅋ, అంటే "ఖ". మధ్యలో ㅗ, అంటే "ఓ". కింద మళ్లీ సున్న. కలిపితే "ఖోంగ్". రెండూ కలిసి "త్తాంగ్‌ఖోంగ్".

త్తాంగ్ అంటే నేల, ఖోంగ్ అంటే చిక్కుడు జాతి గింజ. నేలలో కాసే గింజ అన్నమాట. మన "వేరుశనగ" కూడా అదే ధోరణిలో పుట్టిన పేరు గదా!

గుర్తు పట్టడానికి ఒక కిటుకు ఉంది: పక్కపక్కనే రెండు గదులు, రెండింటి అడుగునా సున్నలు. పొట్లం మీద ఈ జంట కనబడితే ఆగి చూడండి.

రెండు ఉచ్చులు

మొదటి ఉచ్చు ఖోంగ్ అనే సగం మాట. 콩 ఒంటరిగా ఉంటే అది సాధారణంగా సోయా చిక్కుడు. 콩기름 అంటే సోయా నూనె. కాబట్టి 콩 కనబడగానే బెదరనక్కర లేదు, దాని ముందు 땅 ఉందా లేదా చూడాలి. సోయాకు 대두, "దేదు", అనే ఇంకో పేరు కూడా లేబుళ్లలో తరచు కనిపిస్తుంది.

రెండో ఉచ్చు గోధుమ పడనివారికి. గోధుమ పేరు 밀, "మిల్". కుట్టు అనే మరో గింజ పేరు 메밀, "మెమిల్". రెండోదాంట్లో మొదటిది ఇమిడి ఉంది చూశారా? కుట్టు అసలు గోధుమ జాతే కాదు. అందుచేత 밀 కనబడితే దాని ముందు 메 అంటుకుని ఉందేమో గమనించాలి. అయితే కుట్టు నూడుల్స్‌లో గోధుమపిండి కూడా కలుపుతుంటారు, కాబట్టి 메밀 చూసి అంతటితో ఆగిపోకుండా మిగతా వరస కూడా చదవాలి.

ఇక పొట్లం తిప్పుదాం

ఆళ్లగడ్డలో వేరుశనగ పడని ఒక అబ్బాయి చేతిలో పొట్లం ఉందనుకుందాం. అతను ఏం చేయాలి?

మొదట వెనకవైపు 원재료명 అనే మాట వెతకాలి. "వన్‌జేర్యోమ్యంగ్" అని పలుకుతారు, వాడిన సరుకుల పేర్లు అని అర్థం. దీని తరవాత పొడుగాటి వరస ఉంటుంది. అదంతా చదవక ముందే దానికి దగ్గరలో వేరే రంగు మీద అచ్చయిన చిన్న పట్టీ కోసం చూడాలి. పడని సరుకులను ఇలా విడిగా చూపాలని కొరియాలో నియమం. అవి కొంచెమే కలిసినా సరే చూపవలసిందే. ఆ పట్టీ ఇలా ఉందనుకోండి:

밀, 대두, 우유 함유

చివరి మాట 함유, "హమ్‌యు". "ఇవి ఉన్నాయి" అని దాని భావం. దాని ముందున్నవి గోధుమ, సోయా, పాలు. (పాల పేరు 우유, "ఉయు". ఇక్కడ సున్న గదికి పైన ఉంది. పైన ఉన్న సున్న పలకదు, ఊరికే చోటు కాస్తుంది.) ఈ వరసలో 땅콩 లేదు. అబ్బాయి సంతోషపడిపోయి పొట్లం చింపవచ్చా?

వద్దు. దాని కింద ఇంకో పొడుగు వాక్యం ఉంది:

이 제품은 땅콩, 새우를 사용한 제품과 같은 제조시설에서 제조하고 있습니다

ఇందులో సున్నల జంట కనబడింది! దీని తాత్పర్యం ఇది: "వేరుశనగ, రొయ్య వాడిన సరుకులు తయారయ్యే చోటనే ఈ సరుకూ తయారవుతోంది." అంటే ఇందులో వేరుశనగ వేయలేదు గాని, అదే కర్మాగారంలో వేరుశనగ తిరుగుతోంది. యంత్రం సందుల్లో మిగిలిన పొడి ఇందులో రాలవచ్చు, రాలకపోవచ్చు. ఈ వాక్యాన్ని గుర్తు పట్టే మాట 제조시설, "జేజోషిసల్", అంటే తయారీశాల.

కాబట్టి 땅콩 దొరికితే, అది ఏ మాటతో జత కట్టిందో చూడాలి. 함유తో ఉంటే వేరుశనగ తప్పకుండా ఉంది. 제조시설తో ఉంటే ఉండే అవకాశం ఉంది. మొదటి పొట్లం అబ్బాయి తినకూడదు. రెండోదాన్ని కూడా వైద్యుడు సరేనంటే తప్ప ముట్టకూడదు, ఎందుకంటే ఎంత పొడి రాలిందో పొట్లం చెప్పదు.

చైనా పొట్లమైతే?

చైనా లిపిలో ఇలా అక్షరాలు కూడబలుక్కోవడం కుదరదు. అక్కడ ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క అర్థం. రూపాన్ని పోల్చుకోవడమే దారి. వేరుశనగకు వాళ్ల గుర్తులు:

花生

పలకడం "హ్వాషంగ్". మొదటిది పువ్వు, రెండోది పుట్టుట. దీని పాత నిండు పేరు 落花生, అంటే రాలిన పువ్వు నుంచి పుట్టినది. ఈ పేరు పెట్టినవాడు చేను బాగా చూసినవాడే! డోన్ వైపు మెట్ట చేలల్లో బుడ్డలు వేసే రైతు నడగండి. విత్తిన సుమారు నెలకు పచ్చని పూలు పూస్తాయి. పువ్వు వాడిపోయాక దాని అడుగు నుంచి ఊడ దిగి నేలలోకి దూరుతుంది. ఊడ కొస చీకట్లో ఉబ్బి కాయ అవుతుంది. చైనా పేరులో ఈ కథంతా ఉంది.

ఇక్కడా ఒక ఉచ్చు ఉంది. 花椒 అని మరో మాట కారం నూడుల్స్ మీద తరచుగా కనిపిస్తుంది. మొదటి గుర్తు అదే పువ్వు. కాని ఇది నాలుక తిమ్మిరెక్కించే ఒకరకం మిరియం, వేరుశనగ కాదు. కాబట్టి రెండో గుర్తు 生 అవునో కాదో చూడాలి. 花生油 అని మూడో గుర్తు కూడా ఉంటే అది వేరుశనగ నూనె. బాగా శుద్ధి చేసిన నూనెలో మాంసకృత్తులు దాదాపు మిగలవు. గానుగ నూనెలో మిగలవచ్చు. ఇది ఏ రకమో పొట్లం చూసి తెలియదు గనుక పడనివారు దాన్నీ వదిలేయడమే మేలు.

ఇంకొక తేడా ఉంది. చైనాలో 2011 నాటి ప్రమాణం ప్రకారం పడని సరుకుల పట్టీ వేయడం తయారీదారు ఇష్టం. 2025లో ప్రకటించిన కొత్త ప్రమాణం దాన్ని తప్పనిసరి చేసింది, కాని దాని అమలుకు పెట్టిన గడువు 2027 మార్చి. అందుచేత పాత నియమం కింద అచ్చయిన చైనా పొట్లం మీద పట్టీ లేకపోతే "వేరుశనగ లేదు" అని అర్థం కాదు. 配料 అనే మాట తరవాత వచ్చే సరుకుల వరసంతా గుర్తు గుర్తుగా వెతకాలి. అలా చేసినా, తయారీశాలలో రాలిన పొడి సంగతి ఆ వరసలో ఉండదని మరవకండి.

మీరే చేసి చూడండి

కింది మూడు పట్టీల్లో వేరుశనగ పడని అబ్బాయికి తప్పకుండా ముప్పు తెచ్చేది ఏది?

1. 메밀, 밀, 콩 함유

2. 밀, 땅콩, 우유 함유

3. 花椒, 小麦, 大豆

జవాబు రెండోది. మొదటి దాంట్లో ఉన్నవి కుట్టు, గోధుమ, సోయా. మూడోదాంట్లో తిమ్మిరి మిరియం, గోధుమ, సోయా. అయితే మిగతా రెండు పొట్లాలూ అబ్బాయికి ఇవ్వవచ్చని దీన్నిబట్టి తేల్చకండి. మొదటి పొట్లం మీద 제조시설 వాక్యం ఉందేమో ఇంకా చూడాలి. మూడోదాని మీద చూద్దామన్నా అలాంటి వాక్యం ఉంటుందన్న భరోసా లేదు.