“ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పండి”

“మంచి అమ్మాయండీ. పనిలో వంక పెట్టడానికి లేదు.” ఉద్యోగానికి ఎంపిక చేయబోతున్న మనిషి గురించి పాత చోటికి ఫోన్ చేస్తే దాదాపు ప్రతిసారీ వినిపించే మాట ఇదే. అది అబద్ధం కాకపోవచ్చు. కానీ ఫోన్ పెట్టేశాక మనకు కొత్తగా ఏం తెలిసిందని చూసుకుంటే ఏమీ మిగలదు. అంతమాత్రానికే ఒక ఐసీయూని ఎవరి చేతిలోనూ పెట్టలేం.

ఒక ఉదాహరణ అనుకుందాం. కోస్తాలో ఒక పట్టణం, యాభై పడకల ప్రైవేటు ఆసుపత్రి. ఎనిమిది పడకల ఐసీయూకి ఇన్‌చార్జి సిస్టర్ కావాలి. ఇంటర్వ్యూలు అయ్యాయి, ఒకరి పేరు దగ్గర అందరూ ఆగారు. తొమ్మిదేళ్ల అనుభవం, స్థిమితమైన మాట, మందుల మీద మంచి పట్టు. ఇక పాత చోట్ల వాకబు చేయడమే తరువాయి. ఆ పని నర్సింగ్ సూపరింటెండెంట్ మీద పడింది.

ఇందులో కాగితాల పని తేలిక. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉందా, సర్వీసు సర్టిఫికెట్లలో తేదీలు సరిపోయాయా అన్నది త్వరగానే తేలుతుంది. పాత ఆసుపత్రి హెచ్‌ఆర్ వాళ్లని అడిగితే చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా చెప్పి అక్కడితో ఆగుతారు. చాలా సంస్థల నియమం అంతే. ఆ నియమం ఎంత దూరం పోగలదో అమెరికాలో చూశారు. చార్లెస్ కలెన్ అనే నర్సు 2003లో అరెస్టయ్యే దాకా న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో పదహారేళ్ల పాటు ఒక ఆసుపత్రి తర్వాత మరో ఆసుపత్రికి మారుతూ, రోగులకు మందులు ఎక్కించి చంపాడు. కొన్నిచోట్ల అనుమానాలు ముందే వచ్చాయి. అయినా తర్వాతి ఆసుపత్రికి అవి చేరలేదు. ఆ తర్వాత 2005లో న్యూజెర్సీ ఇలాంటి సమాచారాన్ని ఆసుపత్రులు ఒకదానికొకటి చెప్పి తీరాలని చట్టం చేసింది. అది అరుదైన ఘోరమే. మన సూపరింటెండెంట్ వెతికేది హంతకులను కాదు. పొరపాటు జరిగినప్పుడు ఈ సిస్టర్ దాస్తుందా, చెబుతుందా అన్నది ఆమెకు తెలియాలి. దానికీ తేదీలు పనికిరావు, పొగడ్తలూ పనికిరావు.

మరేది పనికొస్తుంది? దీనికి మంచి జవాబు విమాన శిక్షణలోంచి వచ్చింది. 1941లో అమెరికా సైన్యం పైలట్ శిక్షణ నుంచి పంపేసిన వెయ్యి మంది గురించి అధికారులు రాసిన కారణాలను పరిశీలిస్తే, వాటిలో చాలా భాగం అరిగిపోయిన మాటలే: సహజంగా ఎగరగల శక్తి లేదు, స్వభావం సరిపడదు, విచక్షణ తక్కువ. ఆ మనిషి విమానంలో కూర్చుని ఏం చేశాడో వాటివల్ల తెలియదు. ఆ అనుభవం నుంచే జాన్ ఫ్లానగన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, అభిప్రాయం అడగడం మానేసి ఒక ఘటన అడిగే పద్ధతిని స్థిరపరిచాడు. 1954లో దాన్ని వ్యాసంగా ప్రచురించాడు. ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది, ఆ మనిషి సరిగ్గా ఏం చేశాడు, దానివల్ల ఏమైంది అన్నవే అందులో ప్రశ్నలు. రిఫరెన్స్ ఫోన్లలో పనికొచ్చే ప్రశ్నలన్నీ వీటి సంతానమేనని నా నమ్మకం.

మన సూపరింటెండెంట్ ఫోన్ ఎత్తకముందే ఒక కాగితం మీద రెండే విషయాలు రాసుకుంది. ఒకటి, మందుల పొరపాటు జరిగితే ఈమె ఏం చేస్తుంది? రెండు, తన కింద పనిచేసే చిన్న సిస్టర్లతో ఎలా ఉంటుంది? ఐసీయూ ఇన్‌చార్జి ఉద్యోగం నిలబడేదీ కూలేదీ ఈ రెంటి మీదే. ఇంజెక్షన్ బాగా చేస్తుందా అన్నది ఫోన్లో అడగక్కర్లేదు, ఒక పూట వార్డులో నిలబెడితే కనిపిస్తుంది.

ఎవరిని అడగాలన్నది కూడా ఆమె అభ్యర్థికే వదిలేయలేదు. ఎవరైనా తమను మెచ్చుకునేవాళ్ల పేర్లే ఇస్తారు, అందులో తప్పు లేదు. అందుకే ఇంటర్వ్యూలోనే ఒక్కో ఉద్యోగం దగ్గర ఆగి, “అప్పుడు మీ సూపరింటెండెంట్ ఎవరమ్మా? ఆవిడకు ఫోన్ చేస్తే మీరు సరిచేసుకోవాల్సింది ఏమిటని చెబుతారు?” అని అడిగింది. ఫోన్ వెళ్తుందని తెలిసిన మనిషి ఇక్కడ నిజానికి దగ్గరగా మాట్లాడుతుంది. మన అభ్యర్థి కాసేపు ఆలోచించి, “తొందరగా కోపం వస్తుందంటారు మేడమ్” అంది. ఆ మాట కాగితం మీదికి ఎక్కింది. ఆ తర్వాత పాత సూపరింటెండెంట్‌తో, ఐసీయూ డ్యూటీ డాక్టర్‌తో, ఆమె కింద పనిచేసిన ఒక సిస్టర్‌తో మాట్లాడటానికి అభ్యర్థి అనుమతి తీసుకున్నారు. ప్రస్తుతం పనిచేస్తున్న ఆసుపత్రికి మాత్రం ఫోన్ చేయలేదు. ఇక్కడ ఆఫర్ చేతికి రాకముందే అక్కడ తెలిస్తే ఆమె బతుకుదెరువుకే ముప్పు.

మొదటి ఫోన్ పాత సూపరింటెండెంట్‌కి, షిఫ్టు మారే వేళ కాకుండా మధ్యాహ్నం మూడున్నరకి, ముందే సమయం అడిగి చేసిన ఫోన్. మొదటి రెండు నిమిషాలు ఆవిడ ఈ సిస్టర్‌ని ఎంత దగ్గర నుంచి చూసిందో తెలుసుకోవడానికే. రోజూ రౌండ్లలో చూసేదా, నెలకోసారి మీటింగులోనా? దూరం నుంచి చూసినవాళ్ల మాటకు అంతే బరువు. తర్వాత, “మంచి అమ్మాయండీ” రానే వచ్చింది. దాన్ని ఖండించకుండా సూపరింటెండెంట్ ఇలా అడిగింది: “ఏ ఐసీయూలోనైనా మందుల దగ్గర పొరపాట్లు జరుగుతూనే ఉంటాయి కదండీ. ఆమె డ్యూటీలో ఉండగా జరిగింది ఏదైనా గుర్తుందా? ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెబుతారా?”

ఆవిడకు ఒక రాత్రి గుర్తొచ్చింది. ఇన్సులిన్ డ్రిప్పు గంటకు 2 మిల్లీలీటర్లు పోవాల్సింది, కొత్త సిస్టర్ పంపులో 20 పెట్టింది. ఇన్‌చార్జి తన వంతు తనిఖీలో చూసింది. ఇక్కడ మన సూపరింటెండెంట్ చిన్న చిన్న ప్రశ్నలతో ముందుకు నడిపింది. ముందు ఎవరు చూశారు? చూసిన వెంటనే ఆమె ఏం చేసింది? డాక్టర్‌కి ఎంతసేపటికి చెప్పింది? ఇన్సిడెంట్ రిపోర్టు ఎవరు రాశారు, అందులో పంపు అంకె ఉందా? జవాబులు గట్టిగా వచ్చాయి. పంపు ఆపింది, వేలి నుంచి షుగర్ చూసింది, డ్యూటీ డాక్టర్‌ని లేపింది, ఆయన చెప్పినట్టు డెక్స్‌ట్రోజ్ ఇచ్చింది, పావుగంటకోసారి షుగర్ చూస్తూ కూర్చుంది. తెల్లారకముందే రిపోర్టు రాసింది, అంకెతో సహా. ఇలాంటి జవాబులో వరస ఉంటుంది, వస్తువులుంటాయి, వేళలుంటాయి. మొహమాటానికి పొగిడేవాళ్ల దగ్గర రెండో ప్రశ్నకే మాట పల్చబడి మళ్లీ “మొత్తానికి బాగా చేసేదండీ” దగ్గరికి వచ్చేస్తుంది.

డ్యూటీ డాక్టర్ కూడా అదే రాత్రిని దాదాపు అలాగే చెప్పారు. ఆయన ఇంకో మాట కలిపారు: తను రాసిన డోసు ఎక్కువనిపిస్తే ఆమె ఫోన్ చేసి అడుగుతుందట, అడగకుండా ఇవ్వదట. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మూడో ఫోన్ కింది సిస్టర్‌కి చేయడం దండగ అనుకుంటారు. నా దృష్టిలో మూడింటిలో విలువైనది అదే, ఎందుకంటే పైవాళ్లకు కనిపించే మనిషీ కిందివాళ్లకు కనిపించే మనిషీ ఒక్కరే అయ్యుండాలని లేదు.

“సిస్టర్ దగ్గర పని బాగా నేర్చుకున్నా మేడమ్” అంటూ మొదలుపెట్టింది ఆ అమ్మాయి. “మీ చేతిలో ఏదైనా తప్పు జరిగినప్పుడు ఆమెకు చెప్పిన సందర్భం ఒకటి చెప్పమ్మా” అనగానే అవతల మాట ఆగింది. ఆ మౌనాన్ని సూపరింటెండెంట్ తన మాటలతో నింపలేదు. కొద్దిసేపటికి అసలు సంగతి బయటికొచ్చింది. ఆ ఇన్సులిన్ రాత్రి, రోగి బంధువుల ముందే కొత్త సిస్టర్‌ని ఇన్‌చార్జి గట్టిగా అరిచిందట. ఆ తర్వాత రెండు నెలలు చిన్న సిస్టర్లు చిన్న పొరపాట్లు తమలో తామే సర్దుకున్నారట. “పెద్దవి చెప్పేవాళ్లం మేడమ్. చిన్నవి భయం.”

ఐసీయూలో ఈ మాట చాలా బరువైనది. రోగికి హాని జరగకుండా తప్పిపోయిన చిన్న పొరపాట్లే రేపటి పెద్ద పొరపాటు ఎక్కడ పొంచి ఉందో చూపిస్తాయి. అవి పైకి రాకపోతే ఇన్‌చార్జి ఎంత నేర్పరి అయినా ఆమెకు కనిపించవు.

అలాగని ఒక్క ఫోన్‌తో తీర్పు చెప్పేయకూడదు. పాతచోట మనస్పర్థలుంటాయి. వదిలిపోతున్న మనిషిని ఆపాలని చెడు చెప్పేవాళ్లూ, వదిలించుకోవాలని మంచి చెప్పేవాళ్లూ ఉంటారు. అలాంటి మాటల్లోనూ సాధారణంగా ఘటన ఉండదు, విశేషణాలే ఉంటాయి. రిఫరెన్సుల శక్తికే ఒక హద్దుంది. ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే పరిశోధకులు 1998లో 85 ఏళ్ల అధ్యయనాలను కలిపి చూస్తే, రేపటి పనితీరును చెప్పడంలో రిఫరెన్సులకు 0.26, అందరినీ ఒకే వరస ప్రశ్నలు అడిగే ఇంటర్వ్యూకి 0.51 వచ్చింది. 1 వస్తే అంచనా తప్పనట్టు. అంటే ఫోన్లు చెప్పేది కొంతే, అది ఇంటర్వ్యూకి తోడుగా ఉండాల్సిందే.

కొందరు అసలు నోరు విప్పరు. “మా పాలసీ అండీ” అంటే దాన్ని చెడుకు గుర్తుగా తీసుకోవద్దు, అందరి గురించీ వాళ్లు అంతే చెబుతారు. పరువునష్టం కేసు భయం కూడా ఉంటుంది. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువునష్టాన్ని నేరంగా చెబుతూనే, సదుద్దేశంతో ఇతరుల మేలు కోరి చెప్పిన మాటకు మినహాయింపు ఇస్తుంది. కాబట్టి చూసింది చూసినట్టు చెప్పేవాళ్లకు రక్షణ ఉంది, పుకార్లు పంచేవాళ్లకు లేదు. అడిగేవాళ్లకూ హద్దు ఉండాలి. పెళ్లెప్పుడు, పిల్లలెందరు, ఏ కులం అన్నవి మన దగ్గర ఫోన్లో అలవోకగా దొర్లిపోతుంటాయి. వార్డులో పనికి వాటితో సంబంధం లేదు, అవి అడగడం అన్యాయం.

సూపరింటెండెంట్ మళ్లీ అభ్యర్థిని పిలిపించింది. ఎవరు చెప్పారో చెప్పలేదు, అరుపు సంగతీ ఎత్తలేదు. “కోపం వస్తుందన్నారు కదా, అలా వచ్చిన ఒక రోజు చెప్పమ్మా” అంది. ఆ సిస్టర్ అదే ఇన్సులిన్ రాత్రి ఎత్తుకుంది. బంధువుల ముందు అరిచానని, మర్నాడు ఆ అమ్మాయి తనతో మాట్లాడలేదని, అది సరిచేయడానికి తాను ఏమీ చేయలేదని చెప్పింది. మూడు వైపుల నుంచీ విన్న కథ ఒకచోట కలిసింది. దాచకుండా చెప్పే గుణం ఉందని తేలింది, కింది వాళ్లని బెదరగొట్టే గుణమూ ఉందని తేలింది.

ఆమెకు ఉద్యోగం ఇచ్చారు, మూడు నెలల ప్రొబేషన్‌తో. ఆ మూడు నెలలూ చిన్న పొరపాట్ల రిపోర్టులు ఇన్‌చార్జి చేతికి కాకుండా నేరుగా సూపరింటెండెంట్ డబ్బాలో పడతాయి. వారానికోసారి ఇద్దరూ కూర్చుని, ఐసీయూలో ఎవరెవరి షిఫ్టుల నుంచి కాగితాలు వస్తున్నాయో, ఎవరి షిఫ్టు నుంచి అసలే రావడం లేదో చూస్తారు. రాని షిఫ్టులో ఎవరెవరు ఉన్నారో చూసి, ముందు వాళ్లతోనే మాట్లాడాలని అనుకున్నారు.