కకురోలో మొదటి అంకె ఎక్కడ వేయాలి?

కకురో గళ్లలో 1 నుంచి 9 వరకు అంకెలు వేస్తాం. ఒక వరుసలోని గళ్లన్నీ కలిపితే పక్కనున్న నల్లగడిలోని మొత్తం రావాలి. ఆ వరుసలో ఏ అంకే రెండోసారి రాకూడదు.

ఈ రెండో నియమమే మనకు దారి చూపిస్తుంది. రెండు గళ్లలో 10 రావాలంటే నాలుగు జతలున్నాయి. అక్కడ మొదలుపెట్టకండి. అదే 16 అయితే 7, 9 తప్ప వేరే జత లేదు, ఎందుకంటే 8 రెండుసార్లు వేయలేం. అలాగే 17కి 8, 9 మాత్రమే. చిన్న మొత్తాల్లో 3కి 1, 2. 4కి 1, 3. పట్టికలో ముందుగా ఈ నాలుగింటినీ గుర్తుంచుకుంటే చాలు.

అయితే పట్టిక అంకెలనే చెబుతుంది, ఏది ముందో చెప్పదు. అది తేల్చేది అడ్డం, నిలువు కలిసే గడి. అడ్డం 16, నిలువు 17 ఒక గడిలో కలిశాయనుకోండి. రెండు జతల్లోనూ ఉన్నది 9 ఒక్కటే, కాబట్టి అక్కడ 9. అడ్డంలో మిగిలింది 7, నిలువులో 8. పొరపాటున ఆ గడిలో 7 వేస్తే నిలువులో 10 కావాల్సి వస్తుంది, తప్పు వెంటనే తెలిసిపోతుంది.

మూడు గళ్ల 24కి 7, 8, 9 మాత్రమే. అది 16తో కలిస్తే 7, 9 రెండూ సరిపోతాయి. అప్పుడు రెంటినీ గడి మూలన పెన్సిల్‌తో చిన్నగా రాసి ముందుకెళ్లండి.