మెల్లగా రాజుకునే ప్రేమ: తొలి నవలకు 12 అధ్యాయాల ప్రణాళిక

స్లో బర్న్ అని పిలిచే ప్రేమ నవలలో నాయికా నాయకులు కలుస్తారా లేదా అన్నది ప్రశ్నే కాదు. కలుస్తారని పాఠకులకు మొదటి అధ్యాయంలోనే తెలిసిపోతుంది. ఇంతకాలం ఎందుకు కలవలేకపోయారన్నదే అసలు కథ. కాబట్టి ప్రణాళికలో ముందు తేలవలసినది ఆలస్యానికి కారణం. ఆ కారణం బయటి నుంచి వస్తే, అంటే ఒక విలనో, దారి తప్పిన ఉత్తరమో, సగం విన్న మాటో అయితే నవల సగంలోనే చతికిలబడుతుంది. ఇద్దరూ ఒక్క ఫోన్ చేసుకుంటే తీరిపోయే అపార్థం రెండు వందల పేజీల బరువు మోయలేదు. ఆలస్యం వాళ్ల స్వభావంలోంచే పుట్టాలి.

జేన్ ఆస్టెన్ 1813లో ప్రచురించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ ఈ తరహాకు ఇప్పటికీ మంచి కొలబద్ద. 61 అధ్యాయాల ఆ నవలలో డార్సీ తన ప్రేమను 34వ అధ్యాయంలో, అంటే సగం దాటగానే బయటపెట్టేస్తాడు. ఎలిజబెత్ తిరస్కరిస్తుంది. ఆమె ఒప్పుకునేది 58వ అధ్యాయంలో. మధ్యలోని పాతిక అధ్యాయాల్లో వాళ్లు కలిసి కనిపించే సందర్భాలు తక్కువే. అయినా కథ ఆగదు. ఒక్కో అధ్యాయంలో అతని గురించి ఆమెకున్న అభిప్రాయం, తన గురించి తనకున్న అభిప్రాయం కొంచెం కొంచెం మారుతూ ఉంటాయి. మలుపు అంటే ఆ మార్పే. ముద్దు, కన్నీళ్లు, వాన అన్నీ దాని తర్వాతే.

తొలి నవల రాసేవారికి 60,000 మాటలు, 12 అధ్యాయాలు, అధ్యాయానికి సుమారు 5,000 మాటలు అదుపులో ఉండే పరిమాణం. ఈ కొలతలో ఒక కథను మొదటి నుంచి చివరి వరకు అల్లి చూడవచ్చు.

కథాస్థలం తెనాలి. వైదేహికి 31 ఏళ్లు. తండ్రి వదిలి వెళ్లిన చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సును నడుపుతోంది. రాబడిలో ఎక్కువ భాగం శుభలేఖల నుంచే. తండ్రి ఒక స్నేహితుడి అప్పుకు హామీ సంతకం పెట్టి ఇల్లు పోగొట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆమె ఎవరి సాయమూ తీసుకోదు. రఘురాం వయసు 34, బ్యాంకులో అప్పుల విభాగం అధికారి. పాత బ్రాంచిలో జాలిపడి ఒకరికి గడువు ఇప్పించి, మెమో తిన్నాడు. అప్పటి నుంచి ఎవరికీ సాయం చేయడు. ఇద్దరూ ఒకే పాఠాన్ని రెండు వైపుల నుంచి నేర్చుకున్నారు. ప్రెస్సు అప్పు ఇప్పుడు మొండి బకాయిల్లో చేరింది. అంటే వాయిదా గడువు మీరి 90 రోజులు దాటింది. ఆ ఫైలు రఘురాం చేతికి వచ్చింది.

నెమ్మదిగా సాగే కథకు గడియారం చాలా అవసరం, లేకపోతే నెమ్మది కాస్తా నత్తనడక అవుతుంది. ఈ కథలో రెండు గడియారాలున్నాయి. తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే ముందు బ్యాంకు ఇవ్వవలసిన నోటీసుకు 2002 నాటి సర్ఫేసీ చట్టం 60 రోజుల గడువు పెట్టింది. రెండోది పంచాంగం. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కనుక ప్రెస్సుకు పని ఉండదు, శ్రావణంలో ఊపిరాడదు. నోటీసు ఆషాఢం మొదట్లో అందితే రెండు గడియారాలూ కలిసి నడుస్తాయి.

మొదటి అధ్యాయంలో రఘురాం మెషీన్ల తనిఖీకి వస్తాడు. వైదేహి అతన్ని పెళ్లికొడుకు అనుకుని, వధువు పేరు చెప్పమంటుంది. నవ్వుతో మొదలైన సన్నివేశం ఆమెకు అవమానంగా ముగుస్తుంది. ఇక ఈ మనిషి ముందు తల వంచకూడదని ఆమె నిశ్చయించుకుంటుంది. రెండో అధ్యాయం అతని వైపు నుంచి సాగాలి. ఖాతా లావాదేవీలు చూస్తుండగా, ప్రతి నెలా వాయిదా కన్నా ముందు ఇద్దరు పనివాళ్ల జీతాలు వెళ్లాయని అతను గమనిస్తాడు. ఎగవేతదారు అనుకున్న మనిషి మరోలా కనిపించడం అక్కడి మలుపు. అయినా నోటీసు మీద సంతకం చేస్తాడు. మూడో అధ్యాయంలో ఆమె కాగితాలతో బ్యాంకుకు వస్తుంది. కూర్చోమన్నా కూర్చోదు. అపరాధ రుసుము లెక్కలో బ్యాంకు వైపు జరిగిన పొరపాటును అతనే పట్టి సరిచేస్తాడు. ఇది దయ అయితే ఆమె కాదనేది. నియమం కాబట్టి కాదనలేకపోతుంది. ఈ మనిషి నిజాయితీపరుడేమోనన్న అనుమానం, ఆమె ఇష్టానికి విరుద్ధంగా, అక్కడ మొదలవుతుంది.

తొలిసారి రాసేవారు ఈ మూడు అధ్యాయాల్లోనే చూపులు, తడబాట్లు, గుండెదడ అన్నీ ఖర్చు పెట్టేస్తుంటారు. ఇక్కడ ఆకర్షణ కన్నా గౌరవం ముందు రావాలి. ఆకర్షణకు కారణం చూపనక్కరలేదు కాబట్టి దాన్ని రాయడం సులువు. గౌరవానికి సాక్ష్యం చూపించాలి, అందుకే ఎక్కువ పేజీలు పడతాయి.

నాలుగో అధ్యాయంలో రఘురాం తన చెల్లెలి పెళ్లి శుభలేఖలు వేయించడానికి వస్తాడు. ఆమె ఒక్క రూపాయి తగ్గించదు, అతనూ అడగడు. కానీ అతను రాసిచ్చిన ప్రతిలో ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంది. బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం అన్న చోట తేదీ, వారం పొసగడం లేదు. వైదేహి ఒక్క చూపులో పట్టేస్తుంది. బంధువులంతా ఒక రోజు ఆలస్యంగా దిగేవారని అతనికి అర్థమవుతుంది. ప్రూఫు మీద తలలు వంచుకుని గంటసేపు మాట్లాడుకుంటారు. అప్పు మాట రాని మొదటి సంభాషణ అదే. ఐదో అధ్యాయంలో కరెంటు పోయిన రాత్రి పనివాడు రాకపోతే, అతను కూర్చుని కార్డులు మడిచి కవర్లలో పెడతాడు. మెమో సంగతి చెబుతాడు. ఇన్నాళ్లూ కఠినత్వం అనుకున్నది భయమని ఆమెకు తెలుస్తుంది. ఆరో అధ్యాయంలో మాటలు తక్కువ. ఒక వాయిదా జమ అవుతుంది. మర్నాడు ఆమె చేతులకు బంగారు గాజులు లేవు. అతను చూస్తాడు, అడగడు. తాను ప్రేమలో పడ్డానని అతనికి తెలిసేది ఆ అడగకపోవడంలోనే. నవల సరిగ్గా సగానికి వచ్చింది. పాఠకులకు తెలుసు, అతనికి తెలుసు, ఆమెకు మాత్రం తెలియదు.

ఏడు, ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలు ఈ ప్రణాళికకు గుండెకాయ. ఏడులో రఘురాం మేనేజరు దగ్గరికి వెళ్లి, ఈ ఖాతా విషయంలో తాను నిష్పక్షపాతంగా ఉండలేనని రాసిచ్చి ఫైలు వదులుకుంటాడు. ఒకసారి మెమో తిన్నవాడికి ఇది చిన్న విషయం కాదు. ఆమెకు చెప్పడు. చెబితే ప్రేమ ప్రకటించినట్టే. నోటీసు గడువులో ఉన్న మనిషి దగ్గర బ్యాంకు అధికారి ప్రేమ మాట ఎత్తడం ఒత్తిడి చేయడమే అవుతుంది. మౌనానికి ఇంత గట్టి కారణం ఉంటేనే పాఠకులు భరిస్తారు. ఫోన్ చేస్తే సరిపోయేది కదా అని ఎవరూ అనలేరు.

ఎనిమిదో అధ్యాయంలో కొత్త అధికారి వస్తాడు. రఘురాం తప్పించుకున్నాడని వైదేహి నమ్ముతుంది. సిద్ధమైన శుభలేఖలను పైసాతో సహా బిల్లు జతచేసి పనివాడి చేత పంపిస్తుంది. దుఃఖాన్ని వర్ణించాల్సిన పని లేదు, బిల్లు చాలు. తొమ్మిదిలో కొత్త అధికారి మాటల సందర్భంలో అసలు సంగతి అనేస్తాడు. ఆస్టెన్ నవలలోనూ డార్సీ గుట్టుగా చేసిన మేలు 52వ అధ్యాయంలో మేనమామ భార్య ఉత్తరం ద్వారానే బయటపడుతుంది. చేసినవాడు తన నోటితో చెప్పకపోవడం రెండు చోట్లా ముఖ్యం. ఇక్కడ తొలి రచయితలు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. నిజం తెలియగానే నాయిక పరుగెత్తుకెళ్లి చేతులు పట్టుకుంటుంది, నవల మూడు అధ్యాయాల ముందే అయిపోతుంది. వైదేహికి నిజం తెలియడం ఊరట కాదు. ఒకరు తన కోసం ఏదో వదులుకున్నారు. అది అప్పు. ఆమె దేన్నుంచి పారిపోతోందో అదే ఎదురైంది. అపార్థం తీరాక మిగిలిన అడ్డు ఆమె స్వభావం.

అందుకే పదో అధ్యాయంలో రఘురాం ఉండడు. తండ్రి చేత హామీ పెట్టించుకున్న ఆ స్నేహితుడు ఇన్నేళ్లకు కొంత సొమ్ముతో వస్తాడు. పాత వైదేహి అయితే గుమ్మంలోంచే పంపేసేది. ఇప్పుడు తీసుకుంటుంది. శ్రావణం ఆర్డర్ల రాబడి దానికి కలిసి, పాత బకాయి మొత్తం తీరుతుంది, ఖాతా మళ్లీ మామూలు ఖాతా అవుతుంది. నాయిక మారడం నాయకుడి కోసం జరగకూడదు, అతను లేని చోట జరగాలి. లేకపోతే ఆమె మారినట్టు కాదు, లొంగినట్టు.

పదకొండులో బదిలీ ఉత్తర్వు చేతిలో పట్టుకుని అతను ప్రెస్సుకు వచ్చి చెప్పదలచుకున్నది చెబుతాడు. ఇప్పుడు అప్పు మధ్యలో లేదు, కాబట్టి మాటకు స్వేచ్ఛ ఉంది. ఆమె వెంటనే జవాబివ్వదు. పన్నెండులో ఆమే అతన్ని వెతుక్కుంటూ వెళ్తుంది, సామాన్లు సర్దడంలో సాయం అడగనా అని అతను సంకోచిస్తుంటే తనే అట్టపెట్టె అందుకుంటుంది, తర్వాత తన మాట చెబుతుంది. వాళ్ల సొంత శుభలేఖ అదే ప్రెస్సులో అచ్చు కావడంతో ముగించాలని ఏ రచయితకైనా చేయి దురద పెడుతుంది. ఆ దృశ్యాన్ని పాఠకులు మొదటి అధ్యాయంలోనే ఊహించి ఉంటారు, నవల దానికి ముందే ఆగడం మేలు.

రాయడం మొదలుపెట్టే ముందు ఈ ప్రణాళికకు ఒక పరీక్ష ఉంది. ప్రతి అధ్యాయానికి ఒక్కో కార్డు తీసుకుని, అధ్యాయం మొదట్లో ఒకరు రెండోవారి గురించి ఏమి నమ్ముతున్నారో పైన, చివర్లో ఏమి నమ్ముతున్నారో కింద రాయాలి. రెండూ ఒకటే అయితే అక్కడ సంఘటన ఉంది కానీ మలుపు లేదు. తర్వాత ఆ కార్డును తీసేసి పక్క కార్డు చదవాలి. వాళ్ల తర్వాతి కలయిక ఏమీ మారకుండా అలాగే జరగగలిగితే ఆ అధ్యాయం అనవసరం. పై కథలో ఈ పరీక్షకు తడబడేది ఐదో అధ్యాయం. మెమో సంగతి లేకుండా కరెంటు పోయిన రాత్రి మాత్రమే ఉంటే అది అందమైన సన్నివేశంగా మిగిలి, ఏడో అధ్యాయంలో అతను ఫైలు వదులుకోవడానికి పడే వెల ఎంతో పాఠకులకు తెలియకుండా పోతుంది.