ఏ మెషిన్ మీద పనిచేశారు?

ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుకి వచ్చే మెయిళ్లలో నేను ముందు వెతికేది ఒక్కటే మాట: ఏ మెషిన్ మీద పనిచేశారు? చాలామంది ‘బయోకెమిస్ట్రీ అనలైజర్ తెలుసు’ అని రాసి వదిలేస్తారు. అది సెమీ ఆటోనా, ఫుల్లీ ఆటోనా? సెమీ ఆటో అయితే సీరమ్‌నీ రియేజెంట్‌నీ పిపెట్‌తో కొలిచి కలపడం, 37 డిగ్రీల దగ్గర ఉంచడం, సమయం చూసుకుని మెషిన్‌కి అందించడం అన్నీ టెక్నీషియన్ చేతి మీదే. కొలత కాస్త తప్పితే షుగర్ రిపోర్టు తప్పుతుంది. ఫుల్లీ ఆటోలో ఆ పని మెషిన్ చేస్తుంది, కాబట్టి అక్కడ కాలిబ్రేషన్, కంట్రోల్స్ చూడడం వచ్చా అన్నదే అసలు ప్రశ్న.

సీబీసీ మెషిన్ సంగతీ ఇంతే. త్రీ పార్ట్ మెషిన్ తెల్ల కణాలను మూడు గుంపులుగానే చూపిస్తుంది. ఇసినోఫిల్స్ ఎన్నో కావాలంటే స్లైడు వేసి మైక్రోస్కోపులో లెక్కపెట్టాలి. అందుకే త్రీ పార్ట్ మీద పనిచేసిన అభ్యర్థి, స్మియర్ చదవడం వచ్చన్న వాక్యం కూడా రాస్తే నాకు ఎంతో విలువ.

వరంగల్‌లో డీఎంఎల్‌టీ చదివి, రెండేళ్లు చిన్న ల్యాబ్‌లో చేసిన అమ్మాయి అనుకుందాం. మెయిల్ సబ్జెక్టులో పోస్టు పేరు, తన పేరు, ‘డీఎంఎల్‌టీ, 2 సంవత్సరాలు’ అని ఉంటే చాలు. లోపల ఇలా రాయవచ్చు:

‘గౌరవనీయులైన మేడమ్, మీ ల్యాబ్‌లో టెక్నీషియన్ పోస్టుకి దరఖాస్తు చేస్తున్నాను. తెలంగాణ పారామెడికల్ బోర్డులో నా పేరు నమోదైంది; రిజిస్ట్రేషన్ నంబరు, గడువు తేదీ కింద ఇచ్చాను. రెండేళ్లుగా సెమీ ఆటో అనలైజర్, త్రీ పార్ట్ సెల్ కౌంటర్ నేనే నడిపాను. రోజూ ఉదయం కంట్రోల్ వేసి రిజిస్టర్‌లో రాసేదాన్ని. ఎలైజా రీడర్‌ను చూశాను కానీ ఒంటరిగా చేయలేదు. డిప్లొమా, మార్కుల మెమోలు, రిజిస్ట్రేషన్, అనుభవ పత్రం: నాలుగు ఫైళ్లు జతచేశాను.’

‘ఒంటరిగా చేయలేదు’ అన్న మాట చదివితే నాకు ఆ అమ్మాయి మీద నమ్మకం పెరుగుతుంది. మొదటి రోజే ఎలైజా ప్లేటు చేతికిచ్చి చూస్తే ఎలాగూ తెలిసిపోయేదే.

ఫార్మసిస్టులు మాత్రం ‘లైసెన్స్’ అన్న మాట దగ్గర జాగ్రత్తపడాలి. డ్రగ్ లైసెన్స్ షాపుది. ఫార్మసిస్టుకి ఉండేది 1948 ఫార్మసీ చట్టం కింద రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ ఇచ్చే రిజిస్ట్రేషన్. పాత షాపు లైసెన్సులో మీ పేరు ఇంకా ఉంటే, ఎప్పుడు తప్పిస్తారో మెయిల్‌లోనే చెప్పాలి. లేకపోతే కొత్త షాపు వాళ్లు చేర్చుకోవడానికి ఇబ్బంది పడతారు.

జతచేసే కాపీలలో ఎక్కువసార్లు దెబ్బతినేది సీలు. ఫోన్‌లో తీసిన ఫొటోలో సీలు మీద వెలుగు పడి నంబరు కనిపించదు. పంపే ముందు ఆ ఫైలును తెరిచి, రిజిస్ట్రేషన్ నంబరును మెయిల్‌లో రాసినదానితో అంకె అంకె పోల్చి చూడండి.