మండలం నుంచి అమెరికా దాకా ఒక నివేదిక

తెలంగాణలో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ కార్యకర్త పంపిన నివేదిక ఇలా ఉందనుకుందాం: "05/09న చెరువు కట్టకు గండి పడింది. 14-20 ఎకరాల వరి మునిగింది. పదీ పన్నెండు మంది రైతులు నష్టపోయారు. 320 బస్తాల ధాన్యం తడిసింది. తూము తలుపు ముందే పాడైందని రైతులు అంటున్నారు." ఆఫీసులో ఉన్నవాళ్లు దీన్ని ఇంగ్లిష్‌లో తిరగరాసి, నిధులిచ్చే అమెరికా కార్యాలయానికి పంపాలి.

మొదటి చిక్కు తేదీ. అక్కడ 05/09 అంటే మే 9. అందుకే నెల పేరును అక్షరాల్లో రాసి, సెప్టెంబర్ 5 అని చెప్పాలి.

తర్వాత విస్తీర్ణం. తెలియనివారు 14-20ని 'పద్నాలుగు నుంచి ఇరవై ఎకరాలు' అనుకుంటారు. తెలంగాణ భూమి లెక్కలో అది 14 ఎకరాల 20 గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి 14.5 ఎకరాలు, అంటే సుమారు 5.9 హెక్టార్లు. ఎకరాన్ని 100 సెంట్లుగా లెక్కించే ఆంధ్రలో 14.20 అని రాస్తే అది 14 ఎకరాల 20 సెంట్లు. ఏ ఊరి నివేదికో చూడకుండా ఈ అంకెను ముట్టుకోకూడదు.

బస్తాల సంగతి ఇంకా సున్నితం. 40 కిలోల బస్తా అయితే 320 బస్తాలు 12.8 టన్నులు. 75 కిలోలదైతే 24 టన్నులు. నివేదికలో బరువు లేదు కనుక కార్యకర్తకు ఫోన్ చేసి అడగాల్సిందే. జవాబు రాకపోతే '320 బస్తాలు, బస్తా బరువు తెలియలేదు' అని రాయడమే నిజాయితీ. టన్నుల్లో చెబితే బాగుంటుందని ఊహించి రాస్తే, ఆ అంకె మీదే పరిహారం లెక్కలు మొదలవుతాయి.

అసలు ప్రమాదం చివరి వాక్యంలో ఉంది. ఇంగ్లిష్‌లో సాఫీగా సాగాలని 'తూము పాడవడం వల్ల గండి పడింది' అని కలిపేస్తే అన్యాయం జరుగుతుంది. కార్యకర్త ఆ కారణం చెప్పలేదు. తూము పాడైందన్నది రైతుల మాట. కాబట్టి రెండూ వేర్వేరు వాక్యాలుగా ఉండాలి, రెండో దాంట్లో 'రైతుల కథనం ప్రకారం' అని ఉండితీరాలి. పదీ పన్నెండు మంది కూడా అంతే. పన్నెండుగా గుండుగుత్తగా తేల్చకుండా 'పది నుంచి పన్నెండు మంది' అనే పంపాలి.

వాక్యాల వరుస మార్చవచ్చు, ముఖ్యమైన నష్టాన్ని ముందుకు తేవచ్చు, పునరుక్తులు తీసేయవచ్చు. అయితే రాయడానికి ముందే మూలంలోని వాస్తవాలకు వరుస సంఖ్యలు వేసుకుని, ప్రతిదాని పక్కనా 'చూసింది', 'విన్నది', 'అంచనా' అని గుర్తు పెట్టుకోవాలి. ఇంగ్లిష్ ప్రతి సిద్ధమయ్యాక, మూలం చూడని సహోద్యోగి చేత దాన్ని తెలుగులో చెప్పించి ఆ జాబితాతో పోల్చాలి. ఎక్కడైనా 'అంటున్నారు' పోయినా, కొత్తగా 'వల్ల' వచ్చి చేరినా అక్కడే దిద్దాలి. పంపేటప్పుడు తెలుగు మూలాన్ని కూడా జతచేయండి.